ఇల్లు చూడనివాళ్లకు ఇల్లు చూపించే రాత

‘సముద్రానికి దగ్గర్లో రెండు పడకగదుల ఫ్లాటు ఉంది. ఫర్నిచర్, వంటగది, ఏసీ అన్నీ ఉన్నాయి. టూరిస్టులకు రెండు మూడు రోజుల లెక్కన అద్దెకిస్తాం. దీనికి లిస్టింగ్ రాయండి. ఒక టైటిల్, సౌకర్యాల జాబితా, చెక్-ఇన్ సూచనలు కావాలి. టైమ్ రెండు గంటలు.’

హాలిడే అపార్ట్‌మెంట్లు నిర్వహించే సంస్థల్లో లిస్టింగ్ ఎగ్జిక్యూటివ్, గెస్ట్ సపోర్ట్, కంటెంట్ రైటర్ లాంటి పోస్టులకు అప్లై చేస్తే ఇలాంటి టాస్క్ ఎదురుకావచ్చు. చూడ్డానికి చాలా తేలిక. అందుకే ఎక్కువమంది ‘అందమైన’, ‘విలాసవంతమైన’, ‘మీ సొంతింటిలాంటి’ అని మొదలుపెట్టి ఒక ప్రకటన రాసిచ్చేస్తారు. అక్కడే దెబ్బతింటారు. లిస్టింగ్ అంటే ప్రకటన కాదు. ఇల్లు చూడకుండానే డబ్బు కట్టే మనిషికి రాతపూర్వకంగా ఇచ్చే మాట. ఆ మనిషి వచ్చాక మీ వాక్యాన్నీ ఇంటినీ పక్కపక్కన పెట్టి చూస్తాడు.

ఆ పోలికకు మార్కులు కూడా ఉంటాయి. ఎయిర్‌బీఎన్‌బీలో అతిథి వెళ్లేటప్పుడు మొత్తం రేటింగ్‌తో పాటు ఆరు విషయాలకు విడివిడిగా స్టార్లు ఇస్తాడు. శుభ్రత, వివరాల్లో నిజం, చెక్-ఇన్, సమాచారం ఇచ్చిపుచ్చుకున్న తీరు, ప్రాంతం, ఇచ్చిన డబ్బుకు తగ్గ విలువ. ఇందులో శుభ్రత పనిమనిషి చేతిలో ఉంది, ప్రాంతం ఎవరూ మార్చలేరు. వివరాల్లో నిజం, చెక్-ఇన్ మాత్రం అచ్చంగా లిస్టింగ్ రాసినవాళ్ల చేతిలో ఉన్నవే. ఓనర్‌కు మీతో పని పడేది ఇందుకే.

ఒక ఫ్లాటును ఉదాహరణగా తీసుకుని మొదటి నుంచి చివరిదాకా రాసి చూద్దాం. విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో, బీచ్‌కు పది నిమిషాల నడకలో ఉందనుకుందాం. మూడో అంతస్తు, ఫ్లాట్ నంబర్ 304. లిఫ్ట్ ఉంది, కింద స్టిల్ట్‌లో ఒక కారు పార్కింగ్ ఉంది. రెండు బెడ్రూముల్లోనూ ఏసీ, హాల్లో లేదు. ఇన్వర్టర్ ఉంది. డాబా ఎక్కితే సముద్రం కనిపిస్తుంది, ఫ్లాట్‌లోంచి కనిపించదు. ఐదుగురి వరకు ఉండొచ్చు.

టైటిల్: 50 అక్షరాల్లో మూడు ప్రశ్నలకు జవాబు

ఎయిర్‌బీఎన్‌బీలో టైటిల్‌కు 50 క్యారెక్టర్ల హద్దు ఉంది. ఖాళీలు, కామాలు కూడా లెక్కలోకి వస్తాయి. పైగా ఫోన్ తెరపై పూర్తిగా కనిపించకపోవచ్చు, మొదటి 30 చిల్లర క్యారెక్టర్ల తర్వాత తెగిపోతుంది. కాబట్టి ముఖ్యమైనది ముందు రావాలి. టైటిల్ టైప్ చేసేది ఇంగ్లిష్‌లోనే కాబట్టి, మామూలుగా కనిపించే రకం ఒకటి ఉన్నదున్నట్టు చూడండి.

```
Beautiful Luxury Sea View Home Stay Vizag
```

41 క్యారెక్టర్లు. మొదటి రెండు మాటలు అందంగా ఉందని, లగ్జరీగా ఉందని చెబుతున్నాయి. ఆ మాట ప్రతి లిస్టింగూ చెబుతుంది కాబట్టి దేన్నీ వేరుచేసి చూపదు. చివర్లో ఊరి పేరు ఉంది. వెతికేవాడు విశాఖ అని కొట్టే ఇక్కడికి వచ్చాడు, లిస్టింగ్ పక్కనే ఊరి పేరు ఎలాగూ కనిపిస్తుంది. మిగిలింది సముద్రం కనిపిస్తుందన్న మాట. అది మన ఫ్లాట్ విషయంలో అబద్ధం. అదే ఫ్లాట్‌కు ఇంకో టైటిల్ ఇది.

```
10-min walk to beach, AC rooms, lift, parking
```

45 క్యారెక్టర్లు. బీచ్‌కు పది నిమిషాల నడక, ఏసీ గదులు, లిఫ్ట్, పార్కింగ్. ఫోన్‌లో తెగిపోయినా నడక దూరం, ఏసీ మిగులుతాయి. విశాఖకు కుటుంబంతో వచ్చేవాళ్లు మొదట అడిగేవి ఇవే. బీచ్ ఎంత దూరం? ఏసీ ఉందా? ముసలివాళ్లు మెట్లెక్కాలా, సొంత కారు పెట్టుకోవచ్చా? ఎన్ని బెడ్రూములో టైటిల్‌లో రాయలేదు, ఎందుకంటే ఆ సంఖ్య సైట్ వేరే చోట చూపిస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ‘పది నిమిషాలు’ అని ఓనర్ చెప్పినంత మాత్రాన రాయకండి. గేటు నుంచి ఇసుక దాకా మామూలు నడకతో వెళ్లి ఫోన్‌లో టైమ్ చూసుకోండి. పన్నెండు నిమిషాలు పడితే పన్నెండు అనే రాయండి. పన్నెండు అని చెప్పి పన్నెండు పడితే ఎవరూ విసుక్కోరు. అయిదు అని చెప్పి పన్నెండు పడితే, ఎండలో పిల్లాణ్ని ఎత్తుకుని నడిచినవాడు అది రివ్యూలో రాస్తాడు.

సౌకర్యాల జాబితా: ప్రతి టిక్కూ ఒక ఫిల్టరే

సౌకర్యాల పేజీలో పెద్ద చెక్‌లిస్ట్ ఉంటుంది. వైఫై, ఏసీ, వంటగది, వాషింగ్ మెషీన్, ఉచిత పార్కింగ్, ఇలా టిక్ పెట్టుకుంటూ పోవాలి. ఇంజినీరింగ్ చదివినవాళ్లకు ఇది త్వరగా అర్థమవుతుంది. అవతల వెతికేవాడు ‘పార్కింగ్’ ఫిల్టర్ పెట్టాడంటే, టిక్ లేని ఇల్లు అతనికి అసలు కనిపించదు. అంటే టిక్ మరిచిపోతే బుకింగ్ పోతుంది. లేనిదానికి టిక్ పెడితే బుకింగ్ వస్తుంది, దాంతో పాటు గొడవ కూడా వస్తుంది. చెప్పిన సౌకర్యం లేకపోతే అతిథి ఆ సంగతి గమనించిన 72 గంటల్లోపు ఎయిర్‌బీఎన్‌బీకి ఫిర్యాదు చేయొచ్చు. అది నిజమని తేలితే డబ్బు వెనక్కి వెళ్లే అవకాశం ఉంది.

తప్పులు ఎక్కువగా దొర్లేది అవును, కాదు అని ఒక్క మాటలో తేలని వాటి దగ్గర. మన ఫ్లాట్‌లో అలాంటివి మూడున్నాయి.

మొదటిది సముద్రం. డాబా మీది నుంచి కనిపించేదాన్ని ‘సీ వ్యూ’ కింద టిక్ పెట్టకూడదు. ఆ టిక్ చూసినవాడు కిటికీలోంచి కనిపిస్తుందనే అనుకుంటాడు. దాన్ని వివరణలో ఒక వాక్యంగా రాస్తే చాలు: ‘ఫ్లాట్‌లోంచి సముద్రం కనిపించదు. డాబా మీదికి వెళితే కనిపిస్తుంది, రాత్రి 9 వరకు తాళం తీసి ఉంటుంది.’ ఇది చదివి వచ్చినవాడు సాయంత్రం డాబా ఎక్కి సంతోషిస్తాడు. చదవకుండా టిక్ చూసి వచ్చినవాడు అదే డాబా ఎక్కి కోప్పడతాడు.

రెండోది ‘పవర్ బ్యాకప్’. ఓనర్ ‘ఉందండీ’ అంటారు. దేనికి ఉంది, ఎంతసేపు ఉంటుంది అని అడగాలి. కొన్ని అపార్ట్‌మెంట్లలో జనరేటర్ లిఫ్ట్‌కు, మెట్ల దగ్గర లైట్లకు మాత్రమే. మన ఫ్లాట్‌లో 12 వోల్టుల, 150 ఏహెచ్ బ్యాటరీతో ఇన్వర్టర్ ఉందనుకుందాం. రెంటినీ గుణిస్తే 1,800 వాట్-అవర్లు. కానీ మార్పిడిలో కొంత పోతుంది, బ్యాటరీని అడుగంటా వాడం కూడా. అరవై శాతం చేతికొస్తుందనుకుంటే దాదాపు 1,080. మూడు ఫ్యాన్లు 75 వాట్ల చొప్పున 225, ఐదు ఎల్‌ఈడీ బల్బులు 45, వైఫై రూటర్ 10, మొత్తం 280 వాట్లు. 1,080ని 280తో భాగిస్తే నాలుగు గంటలకు కాస్త తక్కువ. బ్యాటరీ పాతదైతే ఇంకా తగ్గుతుంది. ఇక ఏసీ, గీజర్ ఇన్వర్టర్ మీద పెట్టకపోవడమే మామూలు. కాబట్టి రాయాల్సిన వాక్యం ఇది: ‘కరెంటు పోతే ఫ్యాన్లు, లైట్లు, వైఫై సుమారు మూడు గంటలు పనిచేస్తాయి. ఏసీ, గీజర్ పనిచేయవు.’ మే నెలలో పసిబిడ్డతో వచ్చే తల్లికి ఈ రెండో వాక్యమే అవసరం.

మూడోది వైఫై. ప్లాన్ 100 ఎంబీపీఎస్ కాబట్టి 100 అని రాస్తే సరిపోదు. రూటర్ హాల్లో ఉంటుంది, ల్యాప్‌టాప్ తీసుకుని పనిచేసుకునేవాడు బెడ్రూమ్‌లో తలుపేసుకుంటాడు. అక్కడ కూర్చుని, తలుపేసి, స్పీడ్ టెస్ట్ పెట్టండి. పొద్దున ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి చూడండి. రెండిట్లో తక్కువ వచ్చిందే రాయండి.

మిగిలిన జాబితా కూడా వస్తువు కనిపించేలా ఉండాలి. ‘పూర్తి వంటగది’ అనే బదులు ‘గ్యాస్ స్టవ్, 5 లీటర్ల కుక్కర్, మిక్సీ, ఐదుగురికి ప్లేట్లు ఉన్నాయి. బియ్యం, నూనె, పప్పు మీరు తెచ్చుకోవాలి’ అనండి. తాగునీళ్లు ఆర్‌ఓవా, క్యాన్ నీళ్లా చెప్పండి. మాంసాహారం వండుకోవచ్చో లేదో ముందే తేల్చండి, తలుపు దగ్గర తేలాల్సిన విషయం కాదది. ఎయిర్‌బీఎన్‌బీ జాబితాలో ‘ఎసెన్షియల్స్’ అని ఒక టిక్ ఉంటుంది. దానర్థం టాయిలెట్ పేపర్, సబ్బు, దుప్పట్లు, ఒక్కో అతిథికి ఒక తువ్వాలు, ఒక దిండు. ఐదుగురికి అనుమతి ఇచ్చి మూడు తువ్వాళ్లు పెడితే ఆ టిక్ తప్పే.

కెమెరాల సంగతి మాత్రం పొరపాటుకు తావివ్వనిది. 2024 ఏప్రిల్ 30 నుంచి ఎయిర్‌బీఎన్‌బీ ఇంటి లోపల కెమెరాలను పూర్తిగా నిషేధించింది. ఆఫ్ చేసి ఉంచినా కుదరదు. గేటు దగ్గర, గుమ్మం బయట కెమెరా ఉంటే ఎక్కడుందో లిస్టింగ్‌లో చెప్పాలి.

చెక్-ఇన్ సూచనలు: రాత్రి పదకొండుకు, పది శాతం ఛార్జింగ్‌తో

టైటిల్, సౌకర్యాలు సోఫాలో కూర్చుని తీరిగ్గా చదువుతారు. చెక్-ఇన్ సూచనలు అలా కాదు. చేతిలో సూట్‌కేసు, భుజం మీద నిద్రపోతున్న పిల్ల, ఫోన్‌లో పది శాతం ఛార్జింగ్ ఉన్న మనిషి ఆటోలోంచి చదువుతాడు. అతని కోసం రాయాలి. అంటే ఒక అడుగుకు ఒక వాక్యం. అతను చూసే వరుసలోనే వాక్యాలు రావాలి.

మొదట టైమ్ సంగతి. చెక్-అవుట్ ఉదయం 11, చెక్-ఇన్ మధ్యాహ్నం 2 అనుకుందాం. మధ్యలో మూడు గంటలు శుభ్రం చేయడానికి. కానీ హైదరాబాద్ నుంచి సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాళ్లు తెల్లవారే వేళకు విశాఖలో దిగుతారు. ఎనిమిది గంటలు వాళ్లెక్కడుంటారు? దీనికి జవాబు సూచనల్లో ఉండాలి. ఫ్లాట్ ఖాళీగా ఉంటే ముందే ఇస్తారా? లేకపోతే కనీసం సామాన్లు వాచ్‌మన్ గదిలో పెట్టుకోవచ్చా? కుదరదంటే కుదరదనే రాయండి, వాళ్లు వేరే ఏర్పాటు చూసుకుంటారు.

తర్వాత దారి. మ్యాప్‌లో అపార్ట్‌మెంట్ పేరు కొడితే పిన్ వెనక వీధిలో పడటం మామూలే. గేటు ముందు నిలబడి పిన్ పెట్టి ఆ లింక్ ఇవ్వండి. ఆటో అతనికి చెప్పడానికి ఒక గుర్తు కూడా ఇవ్వండి, రాత్రిపూట మూసేసే దుకాణం బోర్డు కాకుండా చీకట్లోనూ కనిపించేది.

ఆ తర్వాత గేటు, వాచ్‌మన్. ఇది మన ఊళ్లకే ప్రత్యేకమైన మెట్టు. విశాఖకు, అరకుకు బెంగాల్, ఒడిశా నుంచి చాలామంది వస్తారు. వాచ్‌మన్‌కు తెలుగు తప్ప రాకపోవచ్చు. అందుకని ముందే అతనికి అతిథి పేరు, తేదీలు చెప్పి ఉంచాలి. సూచనల్లో అతిథి ఫోన్ తీసి చూపించడానికి ఒక తెలుగు వాక్యం పెట్టాలి.

తాళం చివరిది. గుమ్మం పక్కన నంబర్లు తిప్పి తెరిచే లాక్‌బాక్స్ ఉంటే, ఎటు తిప్పాలో, ఏ మీట నొక్కాలో రాయాలి. సముద్రపు గాలికి లోహం త్వరగా తుప్పు పడుతుంది. చక్రాలు బిగుసుకుంటే కోడ్ సరైనదైనా పెట్టె తెరుచుకోదు. కాబట్టి శుభ్రం చేసే మనిషి ప్రతిసారీ ఒకసారి తెరిచి చూడటం పనిలో భాగం కావాలి. కోడ్ ప్రతి అతిథికీ మార్చాలి. అందరికీ కనిపించే లిస్టింగ్‌లో కోడ్ ఎప్పుడూ పెట్టకూడదు. అది బుకింగ్ ఖాయమైనవాళ్లకు మాత్రమే కనిపించే చెక్-ఇన్ భాగంలోనే ఉండాలి.

ఇవన్నీ కలిపితే మన 304కి సూచనలు ఇలా ఉంటాయి.

1. మధ్యాహ్నం 2 తర్వాత ఎప్పుడైనా రావచ్చు. ముందే వస్తే సామాన్లు వాచ్‌మన్ గదిలో పెట్టుకోవచ్చు.
2. ఈ లింక్ నొక్కితే మ్యాప్ సరిగ్గా మా గేటు దగ్గరికి తీసుకొస్తుంది. గేటు రంగు నీలం.
3. వాచ్‌మన్‌కు ఈ వాక్యం చూపించండి: ‘మేం 304 ఫ్లాట్‌కు వచ్చాం. ఓనర్ మీకు చెప్పారు. రిజిస్టర్‌లో పేరు రాసుకోండి.’
4. లిఫ్ట్‌లో 3 నొక్కండి. బయటికి వచ్చాక ఎడమవైపు రెండో తలుపు.
5. తలుపుకు కుడిపక్క, షూ ర్యాక్ పైన నల్లటి పెట్టె ఉంది. కోడ్ తిప్పి, కింది మీట నొక్కితే తెరుచుకుంటుంది. లోపల తాళంచెవి ఉంటుంది.
6. తాళంచెవిని రెండుసార్లు తిప్పండి. తిప్పేటప్పుడు తలుపును మీ వైపు కాస్త లాగండి.
7. లోపల ఎడమచేతి వైపు మొదటి స్విచ్ హాల్ లైట్. గీజర్ స్విచ్ బాత్రూమ్ బయట ఉంది, పావుగంట ముందు వేసుకోండి.
8. పెట్టె తెరుచుకోకపోతే ఫోన్ చేయండి. నంబర్ తలుపు పైన కూడా రాసి ఉంది. రెండో తాళంచెవి పది నిమిషాల్లో తెచ్చిస్తాం.

ఆరో మెట్టులో ‘తలుపును మీ వైపు కాస్త లాగండి’ అన్న మాట చూడండి. ఆ ఇంట్లో ఉండేవాళ్లకు చెయ్యి అలవాటుపడిపోయి, లాగుతున్నామన్న సంగతే తెలియదు. అలాంటివి బయటపడాలంటే ఒక్కటే దారి. ఆ ఇల్లు ఎప్పుడూ చూడని ఫ్రెండ్‌కు ఈ ఎనిమిది వాక్యాలూ పంపి, ఆటో స్టాండ్ నుంచి లోపలికి రమ్మనండి. మీరు వెనకే నడవండి, నోరు విప్పకండి. అతను ఎక్కడ ఆగి చుట్టూ చూస్తే అక్కడ ఒక వాక్యం తక్కువైందన్నమాట. ఎక్కడ ఫోన్ పైకీ కిందికీ జరిపితే అక్కడ వరుస తప్పిందన్నమాట.

రాతతో పాటు తెలియాల్సినవి

ఈ పని ఓనర్ తరఫున చేసేటప్పుడు మూడు విషయాలు ముందే అడగండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ రోజువారీ అద్దెకు ఒప్పుకుందా? ఒప్పుకోకపోతే ఎంత మంచి సూచనలు రాసినా మూడో మెట్టు దగ్గర వాచ్‌మన్ ఆపేస్తాడు. విదేశీ అతిథి వస్తే 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో వివరాలు సమర్పించాలి, ఆ బాధ్యత ఎవరిది? అతిథుల గుర్తింపు కార్డుల కాపీలు ఎవరి దగ్గర ఉంటాయి, ఎప్పుడు తీసేస్తారు?

ఇంకొకటి మీ కోసం. ఓనర్ తన పాస్‌వర్డ్ ఇచ్చి ‘ఓటీపీ వస్తే చెబుతాలే’ అంటే ఒప్పుకోకండి. ఎయిర్‌బీఎన్‌బీలో కో-హోస్ట్‌గా చేర్చుకునే సదుపాయం ఉంది. మీకు ఎంతవరకు అధికారం ఉండాలో ఓనరే ఎంచుకోవచ్చు. రేపు డబ్బు విషయంలో తేడా వస్తే మీ మీదికి రాదు.

ఇక ఆ రెండు గంటల టాస్క్ సంగతి. ఇంటర్వ్యూలో ఫొటోలు, కొన్ని వివరాలు మాత్రమే ఇస్తారు. ఇల్లు చూసే వీలుండదు. అలాంటప్పుడు తెలియనిదాన్ని ఊహించి రాయొద్దు. టైటిల్, జాబితా, సూచనలు రాశాక, కింద ఓనర్‌ను అడగాల్సిన ప్రశ్నలు విడిగా పెట్టండి. ఇన్వర్టర్ మీద ఏమేం నడుస్తాయి? బెడ్రూమ్‌లో స్పీడ్ ఎంత? డాబాకు తాళం ఎప్పుడు వేస్తారు? రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంది? మీ పేపర్ దిద్దేవాళ్లు రోజూ అతిథుల ఫోన్లు ఎత్తేవాళ్లే అయితే, రాత్రి పదకొండుకు వాళ్లకు వచ్చే కాల్స్ సరిగ్గా ఈ ప్రశ్నలే. వాటిని పగలే అడిగిన మనిషి ఎవరా అని పేపర్ పైన పేరు చూస్తారు.